చెవికీ తలకీ మధ్య రెండున్నర సెంటీమీటర్లు

పెళ్లి ఆల్బమ్ చేతికొచ్చాక గానీ చాలామంది మగవాళ్లకి తమ చెవుల సంగతి తెలియదు. అంతకుముందు ఫోన్‌లో తీసుకున్న వందల సెల్ఫీల్లో ముక్కు కాస్త పెద్దగా కనపడి ఉండొచ్చు, నుదురు వెడల్పుగా అనిపించి ఉండొచ్చు. చెవుల మీదకి మాత్రం కన్ను పోయి ఉండదు. తీరా ఫొటోగ్రాఫర్ పది పన్నెండు అడుగుల దూరంలో నిలబడి తీసిన బొమ్మలో రెండు చెవులూ తలుపులు తీసిపెట్టినట్టు బయటికి నిలబడి ఉంటాయి. "వీడెవడ్రా" అనుకుంటాడు పెళ్లికొడుకు.

ఇందులో కెమెరా మోసం ఉంది, కానీ అది సెల్ఫీది. ఫోన్‌ని మొహానికి అడుగు దూరంలో పెడితే దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది. దానికంటే పది పన్నెండు సెంటీమీటర్లు వెనకున్న చెవులు చిన్నవై, సగం బుగ్గల వెనక్కి పోతాయి. దూరం పెరిగేకొద్దీ ముక్కుకీ చెవికీ ఉన్న ఈ తేడా కరిగిపోతుంది. ఎదుటి మనిషి మనల్ని చూసేది ఆ దూరం నుంచే కాబట్టి ఆల్బమ్‌లో ఉన్న చెవులే అసలు చెవులు. క్రాఫు ఎలా ఉందో చూసుకోవాలంటే సెల్ఫీ పనికిరాదనడానికి కారణం కూడా ఇదే. ఇంకొకరి చేతికి ఫోన్ ఇచ్చి, ఆరేడడుగులు వెనక్కి వెళ్లమని, ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి తీయించుకోవాలి.

తెలుగులో వీటిని దొప్ప చెవులు అంటాం. విస్తరాకు దొప్పలా లోతుగా, ముందుకి తెరుచుకుని ఉంటాయని. పేరు పెట్టినవాళ్లకి శరీరశాస్త్రం తెలియకపోయినా వర్ణన మాత్రం సరిగ్గా కుదిరింది. చెవి తలకి దూరంగా నిలబడటానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఒకటి, చెవి రంధ్రం చుట్టూ ఉండే గిన్నెలాంటి భాగం మామూలుకంటే లోతుగా ఉండటం. రెండోది, పై అంచుకి లోపలి వైపున ఉండాల్సిన మడత సరిగా ఏర్పడకపోవడం. ఆ మడతే చెవి పైభాగాన్ని తల వైపు వంచుతుంది. అది లేకపోతే పైభాగం విచ్చుకుని ఉండిపోతుంది.

కొలత కూడా ఉంది. చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట ఉండే ఎముక మీద స్కేలు అంచు ఆనించి, చెవి బయటి అంచు ఎంత దూరంలో ఉందో చూస్తారు. పదిహేను నుంచి ఇరవై మిల్లీమీటర్ల మధ్య ఉంటే మామూలు. ఇరవై దాటితే చెవి బయటికి ఉన్నట్టు లెక్క. రెండు చెవులూ ఒకేలా ఉండాలని లేదు, తరచు ఒకటి రెండోదానికంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ బయటికి ఉంటుంది. చిన్నపిల్లల్లో ఇది మరీ ఎక్కువగా కనపడటానికి ఇంకో కారణముంది. అయిదారేళ్లకే చెవి దాదాపు పెద్దవాళ్ల చెవంత పెరిగిపోతుంది, మొహం మాత్రం ఇంకా పసిమొహమే. ఒకటో తరగతి ఫొటోలో ఏనుగుపిల్లలా ఉన్నవాడు పదో తరగతికి మామూలుగా అయిపోవడం అందరూ చూసిందే. వెనకటి తల్లులు పిల్లలకి డిప్ప కటింగ్ చేయించేవారు. దాన్ని చూసి తర్వాతి తరం ఎంత నవ్వినా, చెవుల పైభాగం మీదకి జుట్టు దిగేలా ఉంచే ఆ క్రాఫు ఈ విషయంలో ఇప్పటి ఫేడ్ కంటే నయం.

ఫేడ్ దగ్గరే అసలు గొడవ మొదలవుతుంది.

ఒక మనిషిని తీసుకుందాం. ఇరవై ఆరేళ్లు, నల్లగా ఒత్తుగా ఉండే జుట్టు, కోలమొహం. ఎడమ చెవి తలకి ఇరవై నాలుగు మిల్లీమీటర్ల దూరంలో ఉంది, కుడి చెవి ఇరవై ఎనిమిది. నిశ్చితార్థానికి ముందు రోజు సెలూన్‌కి వెళ్లి, ఫోన్‌లో ఒక ఫుట్‌బాల్ ఆటగాడి బొమ్మ చూపించాడు. చెవుల పైన రెండు వేళ్ల ఎత్తు వరకు దాదాపు గుండు, అక్కడి నుంచి మెల్లగా నల్లబడుతూ పోయి, నడినెత్తి మీద నాలుగు అంగుళాల జుట్టు పైకి దువ్వి ఉంది. సెలూన్ అతను పనిమంతుడు, అచ్చం అలాగే కొట్టాడు. ఫేడ్‌లో ఒక్క గీత కనపడకుండా కలిపాడు. అయినా అద్దంలో మనిషి దీపస్తంభంలా ఉన్నాడు. మధ్యలో రెండు చెవులు.

తప్పు చేతిపనిలో లేదు, లెక్కలో ఉంది. జుట్టు అర మిల్లీమీటరు ఉన్నచోట కుడి చెవి తలనుంచి పూర్తిగా ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు బయటికి కనపడుతుంది, అంటే అంగుళం పైనే. ఎదురుగా నిలబడి చూస్తే కణత నుంచి కిందికి వచ్చే తల అంచు చెవి దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా మెట్టు దిగినట్టు పక్కకి జరుగుతుంది. కన్ను ఆగేది ఆ మెట్టు మీదే. అదే చోట పక్క జుట్టు రెండు సెంటీమీటర్ల పొడవుంటే అది నిటారుగా నిలబడదు, కిందికి వాలుతుంది. వాలిన జుట్టు మందం పన్నెండు, పద్నాలుగు మిల్లీమీటర్లు ఉండొచ్చు. మెట్టు సగానికి సగం తగ్గిపోతుంది. చెవి ఎక్కడిదక్కడే ఉంది, దాని పక్కన తల వెడల్పైంది, అంతే.

నెత్తి మీద ఎత్తు పెంచడం దీనికి మందు అని చాలామంది నమ్ముతారు. పైన ఏదో ఒకటి ఉంటే చూపు అటు పోతుందని వాదన. కొంతవరకు నిజమే, కానీ పక్కలు చెక్కేసి పైన ఎత్తు పెంచితే తల సన్నగా, పొడుగ్గా తయారవుతుంది. సన్నటి తల పక్కన అదే చెవి ఇంకా వెడల్పుగా కనపడుతుంది. దీనికి అందరూ చూసిన ఉదాహరణ విల్ స్మిత్. 1990లో మొదలైన 'ది ఫ్రెష్ ప్రిన్స్ ఆఫ్ బెల్ ఎయిర్' టీవీ సీరియల్ తొలి రోజుల్లో అతను పక్కలు దగ్గరగా కొట్టించి, పైన డబ్బాలా నిలబడే క్రాఫుతో కనపడతాడు. అతని చెవుల మీద ఆ సీరియల్‌లోనే జోకులు వేశారు. హాస్య పాత్ర కాబట్టి అది అతనికి పెట్టుబడి అయింది. నిశ్చితార్థంలో పీటల మీద కూర్చున్నవాడికి ఆ సౌకర్యం లేదు.

మన ఇరవై ఆరేళ్ల కుర్రాడి దగ్గరికి తిరిగొద్దాం. నిశ్చితార్థం ఎలాగో గడిచింది, పెళ్లికి రెండు నెలలుంది. ఈలోపు అతను చేయాల్సిన మొదటి పని ఏమీ చేయకపోవడం. తల వెంట్రుక నెలకి సుమారు పన్నెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెవుల పైన గుండుగా ఉన్న భాగం ఏడు వారాల్లో రెండు సెంటీమీటర్లకి వస్తుంది. మధ్యలో మూడో వారం నుంచి ఆరో వారం దాకా రోజులు బాగుండవు. జుట్టు ఒక సెంటీమీటరు పొడవున్నప్పుడు వాలదు, బ్రష్ పోచల్లా పక్కకి నిలబడుతుంది. చూడటానికి గరుకుగా ఉంటుంది, చేయి ఊరుకోదు, సెలూన్‌కి వెళ్లి "సైడ్లు కొంచెం" అని చెప్పాలనిపిస్తుంది. అక్కడ ఆగలేకపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఈ మధ్యకాలంలో మెడ మీద దిగిన వెంట్రుకలు మాత్రం తీయించుకుంటే చాలు.

ఏడో వారం చివర అతను మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి ఫోన్‌లో బొమ్మ చూపించలేదు.

"మిషనా, కత్తెరా బాబూ?"

"కత్తెరే అన్నా. చెవి పైకి మిషన్ రానివ్వొద్దు. సైడ్లు ఒక్కరవ్వ సాఫీ చేస్తే చాలు. చెవి వెనకాల తగ్గించకు, కింద మెడ దగ్గర మాత్రం దగ్గరగా కొట్టు."

సెలూన్ అతను కుడి చెవిని వేలితో కొద్దిగా ముందుకి మడిచి, వెనక ఎంత జుట్టుందో చూశాడు. మళ్లీ వదిలేసి ఎడమ చెవి చూశాడు. "ఇదివరకు ఇక్కడ జీరో కొట్టించారు కదా," అన్నాడు. అడగడం కాదది, చదవడం.

అతను పని చేసిన వరస గమనించదగ్గది. జుట్టు తడపలేదు, పొడిగానే మొదలుపెట్టాడు. తడిసిన వెంట్రుక సాగి, తలకి అంటుకుని ఉంటుంది. అప్పుడు చెవి దాకా ఉన్నట్టు కొలిచి కత్తిరిస్తే ఆరాక పైకి లేచిపోతుంది. కొద్దిగా వంకీ ఉన్న జుట్టయితే ఒక సెంటీమీటరు దాకా ఎగరొచ్చు, మిగతా తలకి ఆ సెంటీమీటరు లెక్కలోది కాదు గానీ చెవి పైన అదే మొత్తం తేడా. పక్కల్ని దువ్వెనతో ఎత్తి, దువ్వెన పళ్ల మీంచి బయటికొచ్చిన కొసల్ని కత్తెరతో తీస్తూ కింద నుంచి పైకి వెళ్లాడు. చెవి పైన రెండు సెంటీమీటర్లు, కణత పైకి వెళ్లేసరికి మూడు. మిషన్ గార్డుల భాషలో చెప్పాలంటే ఆరో నంబరు గార్డు పందొమ్మిది మిల్లీమీటర్లు వదులుతుంది, ఎనిమిదోది ఇరవై అయిదు. ఒత్తయిన జుట్టుకి ఆరుకంటే కింద నంబరు చెవి పైన పెట్టకూడదు. మన కటింగ్ షాపుల్లో ఎక్కువగా వాడే ఒకటి, రెండు నంబర్లు మూడు, ఆరు మిల్లీమీటర్లే వదులుతాయి. అసలు కత్తెరే మేలు, ఎందుకంటే గార్డు తల ఎక్కడ ఎలా ఉంటే అలా పోతుంది, ఎగుడుదిగుళ్లని అలాగే దించుతుంది. దువ్వెన అయితే చెవి పైన ఉండే చిన్న పల్లాన్ని నింపేలా వాలు మార్చుకోవచ్చు.

చెవి చుట్టూ అంచు తీసేటప్పుడే చాలా క్రాఫులు పాడవుతాయి. అలవాటు ప్రకారం చెవిని కిందికి వంచి, పైన అర్ధచంద్రాకారంగా ట్రిమ్మర్‌తో ఒక గీత గీస్తారు. చెవి వంచి ఉన్నప్పుడు గీత చక్కగానే కనపడుతుంది. చెయ్యి తీయగానే చెవి తన చోటికి లేచి, దానికీ జుట్టుకీ మధ్య అర సెంటీమీటరు వెడల్పున లేతరంగు చర్మం బయటపడుతుంది. ఎండ తగలని చర్మం కావడంతో చామనఛాయ మనిషికి అది సున్నం గీతలా మెరుస్తుంది, చెవికి చట్రం కట్టినట్టు. దొప్ప చెవి ఉన్నవాళ్లకి ఆ గీత గీయనే కూడదు. చెవిని దాని సహజమైన చోట ఉంచి, దాని మీద పడుతున్న కొసల్ని మాత్రం కత్తెర మొనతో తీస్తే సరి.

ఇక చెవి వెనక భాగం. కుర్చీలో కూర్చున్నవాడికి అద్దంలో ఇది కనపడదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఎదుటివాళ్లు చూసేటప్పుడు చెవి వెనకాల నల్లగా జుట్టుంటే చెవి అంచు ఆ నలుపులో కొంత కలిసిపోతుంది. అక్కడ గుండుంటే చెవి వెనక నుంచి వెలుతురు వస్తుంది, అంచు గీసినట్టు కనపడుతుంది. సాయంత్రం ఎండకి ఎదురుగా నిలబడితే చెవులు ఎర్రగా వెలుగుతాయి కూడా. అందుకని చెవి వెనక రెండు సెంటీమీటర్ల జుట్టు అలాగే ఉంచి, చెవి తమ్మె కంటే కిందికి వచ్చాక మెడ మీద మాత్రం మెల్లగా దగ్గర చేయాలి. మెడ శుభ్రంగా ఉంటే క్రాఫు మొత్తం నీటుగానే కనపడుతుంది. పక్కలు చెక్కకపోతే "కటింగ్ చేయించుకున్నట్టు లేదు" అంటారేమో అని భయపడేవాళ్లకి మెడ దగ్గరే జవాబు దొరుకుతుంది.

ముందువైపున చెంపలది కూడా ఇదే కథ. చెంప జుట్టుని చెవి పైభాగం దాకా తీసేస్తే చెవి ముందు ఖాళీ ఏర్పడి, బుగ్గ నుంచి చెవి వేరుపడినట్టు ఉంటుంది. చెవి మధ్య దాకా, ఏడెనిమిది మిల్లీమీటర్ల మందంలో ఉంచుకుంటే బుగ్గకీ చెవికీ మధ్య వంతెనలా పనిచేస్తుంది. గడ్డం ఉన్నవాళ్లు ఇప్పటి ఫ్యాషన్ ప్రకారం చెంప దగ్గర గడ్డాన్ని కూడా ఫేడ్ చేయించి, చెవి పక్కన తెల్లగా వదిలేస్తున్నారు. వంతెన కట్టి మధ్యలో కూలగొట్టడమే అది.

పైన ఎంత ఉంచాలన్నది ఇప్పుడు తేలిగ్గా తేలుతుంది. పక్కలు రెండు సెంటీమీటర్లుంటే పైన అయిదారు సెంటీమీటర్లు, అంటే రెండున్నర నుంచి మూడు రెట్లు. ఆ కుర్రాడికి నాలుగు అంగుళాల్లోంచి దాదాపు సగం తీసేశారు. దువ్వాక పైకి లేచే ఎత్తు రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటనివ్వలేదు. ఎత్తుకంటే ఇక్కడ వెడల్పు ముఖ్యం. నెత్తికీ పక్కకీ మధ్య తల వంపు తిరిగే మూల ఒకటుంటుంది. సాధారణంగా అక్కడ జుట్టుని గుండ్రంగా చెక్కుతారు. దొప్ప చెవులున్నవాళ్లకి ఆ మూలని కొంచెం చతురంగా, నిండుగా వదిలితే తల పైభాగం చెవుల వెడల్పుకి దగ్గరగా వస్తుంది. ఎదురుగా చూసినప్పుడు బయటి గీత మూల నుంచి చెవి మీదుగా దవడకి సాఫీగా దిగుతుంది.

పాపిడి ఎటు తీయాలన్నదానికి ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. జుట్టు వాలిన వైపు బరువు ఎక్కువ ఉంటుంది. కుడి చెవి ఎక్కువ బయటికి ఉంటే పాపిడి ఎడమవైపు తీసి జుట్టుని కుడికి దువ్వాలి. అయితే సుడి ఎటు తిరిగిందో కూడా చూసుకోవాలి. సుడికి ఎదురు దువ్వితే మధ్యాహ్నానికి జుట్టు తన దారి తాను చూసుకుంటుంది.

పక్కలు ఉంచడం మంచిదైతే ఇంకా ఎక్కువ ఉంచితే ఇంకా మంచిదేమో అనిపించడం సహజం. ఇక్కడో హద్దుంది. జుట్టు మూడున్నర, నాలుగు సెంటీమీటర్లు దాటాక చెవి పైఅంచు మీదకి వచ్చి కూర్చుంటుంది. తలకి ఆనుకుని ఉన్న చెవి మీంచి అయితే జారి కిందికి దిగుతుంది. దొప్ప చెవి అడ్డం నిలబడి దాన్ని బయటికి తోస్తుంది, రెండు పక్కలా రెక్కలు లేచినట్టవుతుంది. ఆ రెక్కల్ని చూసి విసిగి జుట్టుని చెవి వెనక్కి దోపుకుంటారు. చెవి వెనక్కి దోపిన జుట్టు చెవిని ఇంకా ముందుకి నెడుతుంది. కళ్లజోడు కాడ కూడా అక్కడే ఉంటే నెట్టుడు మరీ ఎక్కువ. పొడుగు జుట్టుతో దాచాలనుకునేవాళ్లు చెవి పూర్తిగా మునిగేంత, అంటే కనీసం చెవి తమ్మె దాటి దిగేంత పెంచాలి. 1970ల్లో హిప్పీ క్రాఫు అలా చెవుల్ని మింగేసింది, ఆ పదేళ్లూ ఎవరి చెవులు ఎలాంటివో ఎవరికీ పట్టలేదు. ఆఫీసుకి వెళ్లేవాళ్లకి ఇప్పుడు ఆ దారి తేలిక కాదు. మధ్యలో, సగం చెవి మీద జుట్టు పడి కొస మాత్రం బయటికి పొడుచుకొచ్చే పొడవే అన్నిటికంటే అన్యాయంగా ఉంటుంది.

అందుకే ఈ క్రాఫుకి తిరిగి వెళ్లే గడువు తక్కువ. రెండు సెంటీమీటర్ల పక్కలు నెలకి మూడు దాటుతాయి, ఆరు వారాలకి రెక్కలు మొదలవుతాయి. నాలుగో వారంలో ఒకసారి కూర్చోవాలి. మంగళవారం సెలవు కాబట్టి ఆదివారం రద్దీలో ఇరుక్కోకుండా బుధ, గురువారాల్లో వెళ్తే కత్తెర పట్టే ఓపిక అవతలివాళ్లకి కూడా ఉంటుంది. కత్తెర పనికి మిషన్ పనికంటే పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుందన్న సంగతి మర్చిపోకూడదు. బయట అయిదుగురు కూర్చుని ఉన్నప్పుడు అడిగితే మొహమాటానికి సరేనంటారు, చేతిలోకి మాత్రం మిషనే వస్తుంది.

చెవుల్ని బలవంతంగా వెనక్కి కట్టేసిన రోజులూ ఉన్నాయి. 1930ల్లో హాలీవుడ్ గాయక నటుడు బింగ్ క్రాస్బీ చెవులు స్టూడియోవాళ్లకి నచ్చలేదు. మేకప్‌కి వాడే జిగురుతో వాటిని తలకి అంటించేవారు. సెట్‌లో దీపాల వేడికి జిగురు కరిగి చెవులు టప్పున లేచి వచ్చేవి. కొన్నాళ్లు భరించి, 1934లో వచ్చిన 'షీ లవ్స్ మి నాట్' తీస్తుండగా ఇక అంటించుకోనని మొండికేశాడు. ఆ సినిమాలో కొన్నిచోట్ల చెవులు అంటించి, కొన్నిచోట్ల వదిలేసి కనపడతాడు. తర్వాత మూడు దశాబ్దాలు పెద్ద తారగా వెలిగింది వదిలేసిన చెవులతోనే. అప్పటి మగవాళ్ల క్రాఫుల్లో కణతల దగ్గర కొంత జుట్టు ఉండటం మామూలు. పైన ఎత్తు తక్కువ, పక్కలకి నూనె రాసి దువ్వినా చెక్కేసి ఉండేవి కావు. ఇవాళ్టి స్కిన్ ఫేడ్‌తో అతన్ని ఊహించుకుంటే స్టూడియోవాళ్ల బాధ కాస్త అర్థమవుతుంది.

బరాక్ ఒబామా దీనికి ఎదురు ఉదాహరణ. ఆయన చెవులు కార్టూనిస్టులకి ఎనిమిదేళ్ల పాటు భోజనం పెట్టాయి. ఆయనే తన చెవుల మీద ఎన్నోసార్లు జోకులు వేసుకున్నాడు. పక్కలు చాలా పొట్టి. పైన కూడా అంతే పొట్టి, అక్కడే ఉంది కిటుకు. పైకీ పక్కకీ మధ్య తేడా లేకపోతే మెట్టు ఒక్క చెవి దగ్గరే ఉంటుంది, తల మొత్తం ఒకే గుండ్రనంగా ఉండి సన్నబడినట్టు కనపడదు. బిగుతైన ఉంగరాల జుట్టు అంత పొట్టిగా ఉన్నా చర్మాన్ని బాగా కప్పడం ఆయనకి కలిసొచ్చింది. పోలీసు శిక్షణలోనో సైన్యంలోనో ఉండి పక్కలు పెంచుకునే వీలు లేనివాళ్లకి ఈ దారి పనికొస్తుంది. పక్కలు మూడో నంబరు అయితే పైన అయిదు, ఆరు దాటకుండా చూసుకోవాలి. నడినెత్తి పలచబడినవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. పైన జుట్టు లేకుండా పక్కలు మాత్రం రెండు సెంటీమీటర్లు ఉంచితే చెవుల మీద పొదలు పెరిగినట్టుంటుంది.

సెలూన్ నుంచి బయటికొచ్చాక ఈ క్రాఫుకి ఇద్దరు శత్రువులు. మొదటిది హెల్మెట్. ఇరవై నిమిషాల ప్రయాణంలో పైన జుట్టుని చదును చేసి, కింద అంచు దగ్గర పక్కల్ని బయటికి తన్నేలా చేస్తుంది. పైన ఎత్తు పోయి, చెవుల మీద రెక్కలు మాత్రం మిగులుతాయి. దిగగానే దువ్వెన తీయకుండా చేతివేళ్లు కొద్దిగా తడిచేసుకుని ముందు పక్కల్ని కిందికి అదిమి, తర్వాత పైన వేళ్లతో కుదుళ్ల దగ్గర రుద్ది లేపితే రెండు నిమిషాల్లో దారికొస్తుంది. రెండోది కొబ్బరినూనె. నూనె రాసిన జుట్టు పోగులు పోగులుగా అతుక్కుని తలకి అంటుకుపోతుంది, రెండు సెంటీమీటర్ల పక్కల మందం మూడు నాలుగు మిల్లీమీటర్లకి పడిపోతుంది. అంటే ఫేడ్ చేయించుకున్నట్టే. నూనె అలవాటు మానలేనివాళ్లు రాత్రి రాసుకుని పొద్దున తలస్నానం చేయడం ఒక్కటే మార్గం. జెల్‌ది కూడా ఇదే గుణం. మెరుపు లేని మైనం కొద్దిగా తీసుకుని పైన మాత్రమే రాయాలి, పక్కలకి ఏమీ వద్దు.

పెళ్లి బాగా జరిగింది. ఆల్బమ్‌లో కుడి చెవి ఇప్పటికీ కనపడుతుంది, బాసికం కట్టినప్పుడు దారం దాని మీదుగా వెళ్లింది కూడా. కానీ మొదట కన్ను పోయేది మొహం మీదకే.

అతని కథ అక్కడితో ఆగలేదు. వాళ్లమ్మ మొక్కు ఒకటి బాకీ ఉంది, పెళ్లయిన నెలకి తిరుమలలో తలనీలాలు ఇచ్చాడు. గుండు మీద చెవులు ఎలా ఉన్నా ఎవరూ ఏమీ అనుకోరు. తల మొత్తం ఒకే తీరున ఉంది, పైగా గుండుకి కారణం అందరికీ తెలుసు. చిక్కు తర్వాతే. గుండు తర్వాత జుట్టు అంతటా ఒకే పొడవున పెరుగుతుంది. రెండో నెలకి పక్కలు రెండున్నర సెంటీమీటర్లకి వస్తాయి, అవి కోరుకున్న చోటికి చేరినట్టే. పైన కూడా రెండున్నరే ఉంటుంది కాబట్టి తల కొబ్బరికాయలా గుండ్రంగా కనపడుతుంది. ఆ గుండ్రాన్ని చూసి సెలూన్‌లో మొదట అనే మాట "సైడ్లు లేపేద్దామా" అని. అక్కడ ఒప్పుకుంటే మళ్లీ ఏడు వారాలు. అతను ఒప్పుకోలేదు. రెండో నెల నుంచి నాలుగు వారాలకోసారి వెళ్లి మెడ దగ్గర శుభ్రం చేయించుకుని, పక్కల్ని రెండు సెంటీమీటర్ల దగ్గర కత్తెరతో ఆపించుకుంటూ, పైన అసలు కత్తెర పెట్టనివ్వకుండా గడిపాడు. అయిదో నెలలో పైన ఆరు సెంటీమీటర్లయింది. సెలూన్ అతను ఈసారి మిషనా, కత్తెరా అని అడగలేదు. దువ్వెన తీసుకుని కుడి చెవి వైపు నుంచి మొదలుపెట్టాడు.